లిలిత్ బిందువు: చంద్రుడి దూరపు కొసకు అంటుకున్న కథ

2000 జనవరి 1 సాయంత్రం అయిదున్నరకు హైదరాబాద్‌లో ఒక అమ్మాయి పుట్టిందనుకుందాం. పాశ్చాత్య పద్ధతిలో ఆమె జాతకచక్రం వేస్తే లగ్నం కర్కాటకం అవుతుంది. అక్కడి నుంచి ఆరో భావంలో, ధనుస్సులో ఇరవై మూడున్నర డిగ్రీల దగ్గర, నల్లటి నెలవంక కింద శిలువ తగిలించినట్టుండే గుర్తు ఒకటి కనిపిస్తుంది. ఏటా ఉగాదికి పంచాంగం కొనే ఇంట్లో కూడా ఆ గుర్తును ఎవరూ చూసి ఉండరు. దాని పేరు లిలిత్. బ్లాక్ మూన్ అనీ అంటారు.

ఫోన్‌లో జాతకం చూసుకునే మన పిల్లలకు ఇప్పుడు ఈ పేరు బాగానే తెలుసు. గుర్తు మీద వేలు పెడితే ఒక పేరా తెరుచుకుంటుంది. లోపల అణిచిపెట్టుకున్న సహజ ప్రవృత్తులు, బయటపెట్టలేని కోపం, సిగ్గుతో దాచుకున్న కోరికలు ఎక్కడున్నాయో ఈ బిందువు చెబుతుందని అందులో ఉంటుంది. ధనుస్సులో ఉంటే స్వేచ్ఛనూ సొంత నమ్మకాలనూ నొక్కిపెట్టుకున్నారంటారు. వృశ్చికంలో ఉంటే లైంగికత, అధికారం, రహస్యం అంటారు. చదివిన అమ్మాయి ఉలిక్కిపడుతుంది. తన డైరీని ఎవరో చూసి రాసినట్టు ఉంటుంది మరి.

ఆ మాటను నమ్మే ముందు, అసలు ఆకాశంలో ఆ చోట ఏముందో చూడాలి. అక్కడ ఏ వస్తువూ లేదు. ఉన్నది ఒక లెక్క. ఆ లెక్క మాత్రం నిజమైనదే.

చంద్రుడు భూమి చుట్టూ తిరిగే దారి గుండ్రం కాదు, దీర్ఘవృత్తం. రెండు మేకులు దిగ్గొట్టి, వాటి చుట్టూ వదులుగా దారం వేసి, పెన్సిల్‌తో దారాన్ని బిగబట్టి తిప్పితే దీర్ఘవృత్తం వస్తుందని బడిలో చేసే ఉంటాం. చంద్రుడి దారిని ఒక మీటరు వెడల్పున కాగితం మీద గీయాలంటే ఆ రెండు మేకుల మధ్య అయిదున్నర సెంటీమీటర్ల ఎడం చాలు. గీసిన బొమ్మను చూస్తే మామూలు వృత్తమే అనుకుంటాం, అంత తక్కువ తేడా. ఒక మేకు దగ్గర భూమి ఉంటుంది. రెండో మేకు దగ్గర ఏమీ ఉండదు. అయితే భూమి నడిబొడ్డున కాకుండా ఒక పక్కకు జరిగి ఉండడం వల్ల చంద్రుడు ఒకసారి దగ్గరికొస్తాడు, ఒకసారి దూరం పోతాడు. సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉండేవాడు దగ్గరికొచ్చినప్పుడు సుమారు 3,63,000, దూరం పోయినప్పుడు సుమారు 4,05,000 కిలోమీటర్లలో ఉంటాడు. ఈ దూరపు కొసనే ఖగోళశాస్త్రంలో అపోజీ అంటారు. భూమి నుంచి చూస్తే అది రాశిచక్రంలో ఏ డిగ్రీ వైపు ఉందో ఆ డిగ్రీయే లిలిత్ స్థానం. కొందరు జ్యోతిష్కులు ఖాళీగా ఉన్న రెండో మేకునే లిలిత్ అంటారు. రెండూ భూమి నుంచి ఒకే దిక్కున ఉంటాయి కనుక చక్రంలో పడే డిగ్రీ మారదు.

ఈ కొస ఒకచోట నిలవదు. సూర్యుడి ఆకర్షణ వల్ల దీర్ఘవృత్తం మొత్తం మెల్లగా తిరుగుతుంది. ఏడాదికి దాదాపు 41 డిగ్రీలు జరిగి, 8.85 ఏళ్లలో ఒక చుట్టు పూర్తిచేస్తుంది. అంటే ఒక్కో రాశిలో దాదాపు తొమ్మిది నెలలు ఉంటుంది.

ఈ బిందువు మన దగ్గరికి యాప్‌లతో వచ్చిన కొత్త సంగతి కాదు. సూర్యసిద్ధాంతం దీన్ని చంద్రోచ్చం అంటుంది. 43,20,000 ఏళ్ల మహాయుగంలో అది 4,88,203 చుట్లు తిరుగుతుందని లెక్క ఇస్తుంది. భాగించి చూడండి, ఒక చుట్టుకు 8.85 ఏళ్లే వస్తాయి. దుర్భిణి లేని కాలంలో చంద్రుడి వేగం ఏ రోజు ఎంత మందగిస్తున్నదో గమనించి రాబట్టిన అంకె అది. చంద్రుడు ఉచ్చం దగ్గర నెమ్మదిగా, దానికి ఎదురు కొస దగ్గర వేగంగా నడుస్తాడు కాబట్టి, ఈ బిందువు తెలియనిదే తిథి ఎన్ని గంటలకు ముగుస్తుందో చెప్పడం కుదరదు. గ్రహాల నడకలో ఈ తేడాలకు కారణం చెబుతూ ఆ గ్రంథం, ఉచ్చాలు కంటికి కనిపించని కాలస్వరూపాలనీ, గాలి పగ్గాలతో గ్రహాలను లాగుతాయనీ అంటుంది. జాతకంలో వృషభరాశి చంద్రుడికి ఉచ్చ అంటాం కదా, అది వేరు, ఇది వేరు. ఇది పూర్తిగా గణితానికి సంబంధించినది. సిద్ధాంతులు దీన్ని చంద్రుడి స్థానాన్ని సరిచేసుకోడానికి వాడుకున్నారు. చంద్రుడి దారి సూర్యుడి దారిని ఖండించే రెండు బిందువులకు రాహుకేతువులని పేరుపెట్టి ఫలం చెప్పిన సంప్రదాయమే చంద్రోచ్చాన్ని మాత్రం నవగ్రహాల్లో కలపలేదు, దానికి అణిగిన కోరికలు అంటగట్టనూ లేదు.

మరి ఆ అర్థం ఎక్కడి నుంచి వచ్చింది? పేరు నుంచి వచ్చింది. నా వాదన అంతా ఇదే.

లిలిత్ ప్రాచీన మెసొపొటేమియా జనం భయపడిన రాత్రి దయ్యాల కోవలోది. హీబ్రూ బైబిల్లో యెషయా గ్రంథం 34వ అధ్యాయంలో ఆ పేరు ఒక్కసారి వినిపిస్తుంది. బాలింతలనూ పసిపిల్లలనూ ఆమె బారి నుంచి కాపాడాలని మంత్రాలు రాసిన మట్టి గిన్నెలు ఇరాక్‌లోని నిప్పూరు తవ్వకాల్లో దొరికాయి. పురిటింటి గుమ్మానికి వేపమండలు కట్టిన మన పెద్దవాళ్లకు ఆ భయం ఎలాంటిదో విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆమె ఆదాము మొదటి భార్య అన్న కథ మాత్రం ఆ తర్వాత ఎప్పుడో, మధ్యయుగాల నాటి ‘బెన్ సిరా వర్ణమాల’ అనే హీబ్రూ రచనలో కనిపిస్తుంది. ఇద్దరినీ ఒకే మట్టితో చేశాడు కాబట్టి నేను నీకు లోబడి ఉండనని ఆమె ఆదాముతో వాదించి, ఎగిరి వెళ్లిపోతుంది. 1970లలో అమెరికాలోని యూదు స్త్రీవాదులు ఈ కథను తిరగేసి చదివారు. దయ్యంగా ముద్రపడిన ఆమెలో వాళ్లకు తలవంచని స్త్రీ కనిపించింది. 1976లో ఆమె పేరుతో ఒక పత్రికే మొదలైంది. అణిచివేత, తిరుగుబాటు, సిగ్గుపడని శరీరం అని ఇప్పుడు మనం లిలిత్ ఫలాల్లో చదివే మాటలకు మూలం ఈ కథే. మనిషి తనలో ఒప్పుకోలేని భాగాన్ని నీడ అన్న యూంగ్ మనస్తత్వ సిద్ధాంతం దానికి తోడైంది.

ఆ కథకు విలువ ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ చంద్రుడు దూరంగా వెళ్లే చోటికీ ఆ కథకూ సంబంధం ఎవరు కలిపారు? ఇక్కడ చరిత్ర మరో మలుపు తిరుగుతుంది. 1898లో హాంబర్గ్‌కు చెందిన గేఓర్గ్ వాల్టెమాత్, భూమికి రెండో చంద్రుడున్నాడని ప్రకటించాడు. 119 రోజులకోసారి భూమి చుట్టూ తిరుగుతాడనీ, చీకటిగా ఉండడం వల్ల మామూలుగా కనిపించడనీ అన్నాడు. వెతికితే అలాంటిదేమీ దొరకలేదు. అయినా సెఫారియల్ అనే కలంపేరుతో రాసిన ఇంగ్లిష్ జ్యోతిష్కుడు ఆ లేని చంద్రుడికి లిలిత్ అని పేరుపెట్టి ఫలితాలు చెప్పాడు. ఆ తర్వాత ఫ్రాన్సులోని జ్యోతిష్కులు నల్ల చంద్రుడన్న పేరును చంద్రుడి అపోజీకి తగిలించారు. ఇవి చాలవన్నట్టు 1181 లిలిత్ అనే చిన్న గ్రహశకలం ఒకటుంది. దాన్ని 1927లో అల్జీర్స్ వేధశాలలో బెంజమిన్ జెఖోవ్‌స్కీ కనిపెట్టాడు. ఆ పేరు దయ్యాన్ని తలుచుకుని పెట్టింది కాదు. పాతికేళ్లు నిండకుండానే చనిపోయిన ఫ్రెంచ్ స్వరకర్త లిలి బులాంజే గౌరవార్థం పెట్టారు.

అంటే ఆ పేరుతో మూడున్నాయి. ఒకటి లేనే లేని చంద్రుడు, ఒకటి కుజ గురువుల మధ్య తిరిగే రాయి, ఒకటి దీర్ఘవృత్తంలో ఒక దిక్కు. మూడింటి కదలిక వేరు, ఒకే జాతకంలో మూడూ మూడు చోట్ల పడతాయి. అయినా మూడింటికీ చెప్పే ఫలం దాదాపు ఒకటే: అణిచిపెట్టిన ప్రవృత్తి, బయటకు నెట్టబడ్డ స్త్రీ శక్తి. ఆకాశాన్ని గమనించి అర్థం రాబట్టి ఉంటే ఇలా జరగదు. సంగీతకారిణి పేరున్న రాయి కూడా దయ్యం కథే చెబుతోందంటే, ఆ కథ రాయిలో లేదు.

ఇక మన అమ్మాయి చక్రానికి వద్దాం. ధనుస్సు అని చెప్పినది సాయన లెక్క, అంటే విషువత్తు నుంచి రాశులను కొలిచే పాశ్చాత్య పద్ధతి. మన పంచాంగాలది నిరయనం. లాహిరి అయనాంశ ప్రకారం 2000 జనవరి 1న ఈ రెంటికీ తేడా 23 డిగ్రీల 51 నిమిషాలు. దాన్ని తీసివేస్తే అదే బిందువు వృశ్చికంలో ఇరవై తొమ్మిదిన్నర డిగ్రీలు దాటి, చివరి అంచున పడుతుంది. మూడు నాలుగు రోజులు ఆగి పుట్టి ఉంటే నిరయనంలో కూడా ధనుస్సే అయ్యేది. లగ్నం కూడా కర్కాటకం నుంచి మిథునానికి జరుగుతుంది కాబట్టి భావం మాత్రం ఆరోదే ఉంటుంది. కానీ పేరా మారిపోతుంది. ఒక యాప్‌లో ఆమె అణిచిపెట్టుకున్నది స్వేచ్ఛ, నమ్మకాలు. ఇంకో యాప్‌లో లైంగికత, అధికారం. పుట్టిన క్షణం అదే, ఆకాశంలో దిక్కూ అదే.

ఇది కూడా చాలదు. పైన ఇచ్చినది సగటు లిలిత్. దీర్ఘవృత్తం ఏ ఒడుదొడుకులూ లేకుండా సమంగా తిరుగుతోందని అనుకుని వేసిన లెక్క. యాప్‌లలో ‘నిజ లిలిత్’ అని ఇంకోటి ఉంటుంది. ఒక క్షణంలో చంద్రుడి స్థానం, వేగం తీసుకుని, ఆ క్షణం నుంచి సూర్యుడి లాగుడు లేకపోతే చంద్రుడు ఏ దీర్ఘవృత్తంలో తిరిగేవాడో గీస్తారు. దాని దూరపు కొసే నిజ లిలిత్. సూర్యుడు లాగడం ఎప్పుడూ ఆపడు కాబట్టి ఆ దీర్ఘవృత్తం రోజురోజుకూ ఆకారం మార్చుకుంటుంది, కొస ముందుకూ వెనక్కూ ఊగుతుంది. సగటు నుంచి 30 డిగ్రీల దాకా పక్కకు పోగలదు. అంటే ఒక రాశి మొత్తం. పేరులో నిజమన్న మాట ఉన్నా, చంద్రుడు ఆ చోటికి చేరేసరికి ఆ కొస అక్కడ ఉండకపోవచ్చు.

చంద్రుడు నిజంగా ఎక్కడ దూరమయ్యాడో చూస్తే ఇంకా తేటపడుతుంది. ఆ అమ్మాయి పుట్టిన మూడో రోజున, జనవరి 4న, చంద్రుడు భూమికి అతి దూరంగా వెళ్లాడు. అప్పుడు సాయనంలో ధనుస్సు 19 డిగ్రీల దగ్గర ఉన్నాడు. సగటు లిలిత్ అప్పటికి 24 డిగ్రీల దగ్గరికి వచ్చింది. అయిదు డిగ్రీల తేడా. జనవరి 19న భూమికి అతి దగ్గరగా వచ్చినప్పుడు కర్కాటకం 11 డిగ్రీల దగ్గర ఉన్నాడు. కాగితం మీది దీర్ఘవృత్తంలో దగ్గరి కొస, దూరపు కొస ఎదురెదురుగా ఉంటాయి. 19 ధనుస్సుకు ఎదురు 19 మిథునం కావాలి. చంద్రుడు దగ్గరికొచ్చినది అక్కడికి 22 డిగ్రీల అవతల. లిలిత్ అనే కచ్చితమైన బిందువు ఒకటి ఆకాశంలో ఉందనీ, దాన్ని డిగ్రీ నిమిషాలతో సహా చదవొచ్చనీ అనుకోవడం ఈ అంకెల ముందు నిలవదు. మూడు లెక్కలూ గణితపరంగా సరైనవే. ఏ లెక్క మనిషి మనసుకు సంబంధించినదో తేల్చే దారి గణితంలో లేదు.

సగటు లిలిత్‌తో ఇంకో చిక్కు ఉంది. అది 1999 జూన్ మొదటి వారంలో సాయన ధనుస్సులోకి వచ్చి 2000 ఫిబ్రవరి చివరి దాకా అక్కడే ఉంది. ఆ తొమ్మిది నెలల్లో పుట్టినవాళ్లందరికీ రాశి ఫలం ఒకటే. మన అమ్మాయి పదో తరగతి గదిలో కూర్చుంటే పక్క బెంచీల్లో చాలామందికి అదే పేరా వర్తించాలి. పుట్టిన వేళను బట్టి భావం మారుతుంది, నిజమే. కానీ యాప్‌లో మొదట కనిపించేదీ, నలుగురూ చెప్పుకునేదీ రాశి ఫలమే.

ఇంత తేడా ఉన్నా చదివినవాళ్లకు అది తమ గురించే అని ఎందుకనిపిస్తుంది? దీనికి 1948లో అమెరికన్ మనస్తత్వవేత్త బెర్‌ట్రామ్ ఫోరర్ తన తరగతిలో చేసిన ప్రయోగం మంచి జవాబు. విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, వారం తర్వాత ఎవరి ఫలితం వాళ్లకని చెప్పి కాగితాలిచ్చాడు. అది తమకు ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. నిజానికి 39 మందికీ ఇచ్చిన కాగితం ఒకటే. అందులోని వాక్యాలను ఆయన చాలావరకు పత్రికల దుకాణంలో దొరికే జ్యోతిషం పుస్తకం నుంచి తీసుకున్నాడు. పైకి క్రమశిక్షణగా కనిపిస్తారు కానీ లోపల బెంగ ఉంటుంది వంటి మాటలు ఎవరికి సరిపోవు?

లిలిత్ విషయంలో ఈ చిక్కు మరింత బలమైనది. అణిచిపెట్టిన ప్రవృత్తి అంటేనే బయటకు కనిపించనిది. మీలో అణిగిన కోపం ఉందంటే, అవునంటే జ్యోతిష్కుడి మాట నిజమైంది. కాదంటే, ఎంత లోతుగా అణిచేశారో చూడండి అనొచ్చు. ఏ జవాబు చెప్పినా మాట తప్పు కాని చోట, ఆ మాటను పరీక్షించే వీలే లేదు. మన ఇళ్లలో పెరిగిన ఆడపిల్లలకు ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. గట్టిగా నవ్వకు, ఎదురు మాట్లాడకు, కాలు మీద కాలేసుకోకు అని వింటూ పెరిగిన పిల్లను నీలో ఏదో నొక్కిపెట్టారా అని అడిగితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆ నొక్కిపెట్టడం నిజమే. దానికి కారణం చంద్రుడి దూరపు కొస కాదు, ఆ ఇల్లు, ఆ బడి, ఆ వీధి. అన్నకు లేని ఆంక్షలు చెల్లెలికి ఎందుకున్నాయో ఇద్దరి జాతకాలూ తిరగేస్తే తెలియదు.

ఆలోచనలను అణిచిపెడితే ఏమవుతుందో మనస్తత్వశాస్త్రం జాతకం లేకుండానే పరిశీలించింది. 1987లో డేనియల్ వెగ్నర్ బృందం కొందరిని తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని చెప్పి, మనసులోకి వచ్చినప్పుడల్లా గంట కొట్టమంది. వద్దనుకున్నా అది వస్తూనే ఉంది. ఆ తర్వాత దాని గురించి ఆలోచించొచ్చని వదిలేస్తే, మొదటి నుంచీ ఆలోచించినవాళ్ల కంటే వీళ్లకే ఎక్కువసార్లు గుర్తొచ్చింది. ఇందులో ఎవరు ఎప్పుడు పుట్టారన్నది అక్కరకు రాలేదు.

కొందరు లిలిత్ పేరాను నమ్మకంగా కాక ఒక ప్రశ్నగా వాడుకుంటారు. ఇందులో నాకు ఏ దిక్కున కోపం ఉందని కూర్చుని ఆలోచిస్తారు, నాలుగు మాటలు రాసుకుంటారు. దానివల్ల మేలు కలగొచ్చు. అయితే ఆ మేలు ఆలోచించడం వల్ల వచ్చింది. పన్నెండు రాశుల పేరాల్లో ఏది ఇచ్చినా అలాగే ఆలోచించేవారు.

ఇది నిజమో కాదో ఇంట్లోనే చూసుకోవచ్చు. పన్నెండు రాశుల లిలిత్ ఫలాలనూ ఒకే చోటి నుంచి తీసి, రాశి పేర్లూ వాటిని గుర్తుపట్టించే మాటలూ తీసేసి, విడివిడి కాగితాల మీద రాయండి. కాగితాలు కలిపేసింది ఒకరు, ఎంచుకునేది ఇంకొకరు అయ్యేలా చూడండి. తన లిలిత్ రాశి ముందే తెలియని మనిషిని అడిగితేనే ఈ పరీక్షకు అర్థముంటుంది. ఊరికే గుడ్డిగా తీసినా పన్నెండు మందిలో ఒకరు తమ కాగితాన్నే తీస్తారు. కాబట్టి ఒక్కరు సరిగ్గా ఎంచుకున్నంత మాత్రాన ఏమీ తేలదు. ఇంట్లోవాళ్లు, స్నేహితులు కలిపి ఇరవై ముప్పై మందితో చేసి, సరిగ్గా తీసినవాళ్లు ఇద్దరు ముగ్గురే ఉన్నారా, అంతకంటే బాగా ఎక్కువమంది ఉన్నారా అని లెక్కపెట్టాలి. ఎవరినైనా జ్యోతిష్కుణ్ణి కలిస్తే ఫలం వినకముందే అడగాల్సింది ఒకటుంది: ఏ లిలిత్, సగటుదా నిజదా, సాయనమా నిరయనమా? జవాబు మారితే చెప్పబోయే ఫలం కూడా మారుతుందా అని.

ఒక్క విషయంలో మాత్రం పరీక్షలతో ఆగకూడదు. చిన్నప్పుడు జరిగిన లైంగిక హింస, ఏళ్ల తరబడి పట్టి పీడించే సిగ్గు, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఉన్న మనిషికి, ఇది నీ లిలిత్ వల్ల, నీ జాతకంలోనే ఉంది అని చెప్పడం చాలా ప్రమాదం. ఒకరు చేసిన తప్పును పుట్టిన వేళ మీదకు నెట్టినట్టవుతుంది, బాధపడినవాళ్లే అది తమలో లోపమని అనుకుంటారు. అలాంటివాళ్లు మాట్లాడాల్సింది శిక్షణ పొందిన కౌన్సెలర్‌తో. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళ ఫోన్ చేసినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.